మూడు ఈఎంఐలు తప్పితే 47,073 ఎలా అయింది?

ప్రశ్న: 2024 డిసెంబరులో ఒక ఫైనాన్స్ కంపెనీ దగ్గర 3 లక్షల పర్సనల్ లోన్ తీసుకున్నానండీ. 18 శాతం వడ్డీ, 36 నెలలు, ఈఎంఐ 10,846. ప్రతి నెలా 5న కట్ అవుతుంది. 12 ఈఎంఐలు కట్టాను. 2026 జనవరి, ఫిబ్రవరి, మార్చి కట్టలేకపోయాను. అగ్రిమెంట్‌లో ఆలస్యమైతే నెలకు 2 శాతం, బౌన్స్ అయితే 500 అని ఉంది. యాప్‌లో ఇప్పుడు కట్టాల్సింది 47,073 అని చూపిస్తోంది. మూడు ఈఎంఐలు 32,538 కదా, మిగతా 14,535 ఎక్కడిది? మార్చి నెలాఖరుకు కొంత డబ్బు చేతికొస్తుంది, ముందు ఏది కట్టాలి?

జవాబు:

మీరిచ్చిన అంకెలతోనే ఆ 14,535 ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకోవచ్చు. 12 ఈఎంఐలు కట్టాక మీ లోన్‌లో మిగిలిన అసలు సుమారు 2,17,240 రూపాయలు. దాని మీద 2 శాతం అంటే 4,345. మూడు నెలలకు 13,035. దానికి మూడు బౌన్సులకు 500 చొప్పున 1,500 కలపండి, సరిగ్గా 14,535 వస్తుంది. అంటే కంపెనీ సిస్టమ్ ఆలస్య రుసుమును మీరు ఎగ్గొట్టిన వాయిదాల మీద కాకుండా మొత్తం లోన్ బాకీ మీద వేసినట్టు కనిపిస్తోంది. స్టేట్‌మెంట్ తెప్పించుకుని ఖాయం చేసుకోండి, కానీ రూపాయితో సహా కలిసిన లెక్క ఊరికే కలవదు.

అలా వేయకూడదు. రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు 18న ఇచ్చిన సర్క్యులర్ ఈ విషయం మీదే వచ్చింది. బ్యాంకులకు, సహకార బ్యాంకులకు, ఫైనాన్స్ కంపెనీలకు, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు అన్నింటికీ అది వర్తిస్తుంది. కొత్త లోన్లకు 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, పాత లోన్లను కూడా 2024 జూన్ 30లోపు ఆ పద్ధతిలోకి మార్చాలన్నారు. మీ లోన్ దాని తర్వాత తీసుకున్నదే కాబట్టి మొదటి రోజు నుంచీ ఆ నియమాలే.

అందులో మీకు అవసరమయ్యేవి మూడు. ఒకటి, ఆలస్యానికి వేసేది జరిమానా రుసుముగానే ఉండాలి, వడ్డీ రేటు మీద అదనపు వడ్డీగా ఉండకూడదు. మీ 18 శాతాన్ని 'పీనల్ ఇంట్రెస్ట్' పేరుతో 42 శాతం చేయడానికి వీల్లేదు. రెండు, ఆ రుసుమును అసలులో కలిపేసి దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదు. మూడు, రుసుము తప్పుకు తగ్గట్టుగా ఉండాలి. వాయిదా తప్పడం మీ తప్పయితే ఆ రుసుము తప్పిన మొత్తం మీదే పడాలి. ఇంకా గడువు రాని వాయిదాల అసలు మీద పడటానికి కారణమే లేదు, ఎందుకంటే ఆ డబ్బు విషయంలో మీరింకా ఆలస్యం చేయలేదు.

ఇప్పుడు సరైన లెక్క వేద్దాం. నెలకు 2 శాతం అంటే ఏడాదికి 24 శాతం. రోజు లెక్కన వేస్తే సూత్రం ఇది:

```
రుసుము = తప్పిన ఈఎంఐ × 24 ÷ 100 ÷ 365 × ఆలస్యమైన రోజులు
```

10,846 మీద ఇది రోజుకు 7 రూపాయల 13 పైసలు. మీరు మార్చి 31న కడతారనుకుందాం. జనవరి 5 వాయిదాకు అప్పటికి 85 రోజులు, ఫిబ్రవరి వాయిదాకు 54 రోజులు, మార్చి వాయిదాకు 26 రోజులు. మొత్తం 165 రోజులు. వరుసగా 606, 385, 185 రూపాయలు, కలిపితే పైసల సవరణతో 1,177. వాళ్లు వేసిన 13,035 ఎక్కడ, ఈ 1,177 ఎక్కడ!

అగ్రిమెంట్‌లో 'నెల లేదా అందులో భాగానికి' అన్న మాట ఉందేమో ఒకసారి చూడండి. అలా ఉంటే ఒక్క రోజు దాటినా పూర్తి నెల రుసుము పడుతుంది. జనవరి వాయిదాకు మూడు నెలలు, ఫిబ్రవరికి రెండు, మార్చికి ఒకటి, మొత్తం ఆరు నెలలు. నెలకు 217 చొప్పున 1,302 అవుతుంది. రోజు లెక్కతో పోలిస్తే 125 రూపాయలు తేడా. ఆ మాట అగ్రిమెంట్‌లో ఉంటే దాని మీద వాదన పెట్టుకోవడం దండగ, పెద్ద తప్పు మీదే నిలబడండి.

ఇక మామూలు వడ్డీ సంగతి. చాలామంది 'ఈఎంఐలో వడ్డీ ఉంది కదా, మళ్లీ వడ్డీ ఏమిటి' అని అడుగుతారు. మీ జనవరి ఈఎంఐలో 3,259 వడ్డీ, 7,587 అసలు. జనవరి 5న ఆ అసలు తీరి ఉంటే దాని మీద ఆ రోజు నుంచి వడ్డీ ఆగిపోయేది. తీరలేదు కాబట్టి 18 శాతం నడుస్తూనే ఉంటుంది. కట్టని వడ్డీ భాగం మీద కూడా ఒప్పంద రేటుతో వడ్డీ వేసుకోవడాన్ని రిజర్వు బ్యాంకు ఆపలేదు, ఆపింది జరిమానా మీద వడ్డీని మాత్రమే. కాబట్టి 10,846 మీద 18 శాతం చొప్పున అదే 165 రోజులకు 882 రూపాయలు కంపెనీ అడగవచ్చు. ఇది న్యాయమైన అడుగుడే. మీ యాప్ లెక్కలో ఇది కనబడటం లేదు. తర్వాత వేరుగా పెట్టవచ్చు, అప్పుడు కొత్త దోపిడీ అనుకోకండి.

బౌన్సులు రెండు చోట్ల పడతాయి, ఒక్కచోటే చూసి ఊరుకోవద్దు. ఆటో డెబిట్ తిరిగొచ్చినప్పుడు లోన్ ఇచ్చిన కంపెనీ 500 వేస్తుంది. మీ జీతం పడే బ్యాంకు కూడా ఖాతాలో డబ్బు లేనందుకు విడిగా వేస్తుంది. ఆ రేటు బ్యాంకును బట్టి మారుతుంది, లెక్క కోసం జీఎస్టీతో కలిపి 295 అనుకుందాం. అప్పుడు ఒక్క బౌన్స్ ఖర్చు 795. మూడింటికి కంపెనీకి 1,500, బ్యాంకుకు 885.

అన్నీ కలిపితే మార్చి 31 నాటికి మీ లెక్క ఇలా ఉండాలి. ఈఎంఐలు 32,538, ఒప్పంద వడ్డీ 882, ఆలస్య రుసుము 1,177, బౌన్స్ 1,500. కంపెనీకి ఇవ్వాల్సింది 36,097. యాప్ చూపించేదానికి ఇది 10,976 తక్కువ. బ్యాంకులో పోయిన 885 కలుపుకుంటే మూడు నెలల ఆలస్యానికి మీకు అయిన అదనపు ఖర్చు 4,444 రూపాయలు.

ఆ 4,444లో ఏది ఎంతో గమనించండి. అందరూ భయపడే పెనాల్టీ అందులో పావు వంతు మాత్రమే. సగానికి పైగా బౌన్సులదే. మూడు వాయిదాలూ బాకీ ఉన్నప్పుడు ఇంకొక రోజు ఆలస్యమైతే జరిమానా, వడ్డీ కలిపి సుమారు 37 రూపాయలు పెరుగుతుంది. అదే ఇంకొక బౌన్స్ అయితే ఒక్క దెబ్బకు 795, అంటే మూడు వారాల ఆలస్యంతో సమానం. ఖాతాలో డబ్బు ఉండదని ముందే తెలిసినప్పుడు ఆపాల్సింది ముందు బౌన్స్‌నే.

పైగా కొన్ని కంపెనీలు ఒకే వాయిదా కోసం నెలలో రెండోసారి కూడా డెబిట్‌కు పంపుతాయి. 5న తిరిగొస్తే 10నో 15నో మళ్లీ ప్రయత్నిస్తాయి. మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో NACH Return లేదా ACH Return అన్న పేరుతో ఎన్ని వరుసలు ఉన్నాయో లెక్కపెట్టండి. నెలకు రెండు చొప్పున ఆరు ఉంటే కంపెనీ బౌన్స్ ఖర్చు 3,000, బ్యాంకు ఖర్చు 1,770 అవుతుంది. అప్పుడు అదనపు ఖర్చు 4,444 కాదు, 6,829. యాప్ మూడే చూపిస్తోంది కాబట్టి మీ విషయంలో అలా జరగలేదనిపిస్తోంది, అయినా బ్యాంకు వైపు చూడండి. ఒకే వాయిదాకు రెండోసారి పంపినందుకు వేసిన బౌన్స్ ఛార్జీని అడిగితే మాఫీ చేసే అవకాశం ఎక్కువ, ఆ రెండో ప్రయత్నం వాళ్ల నిర్ణయం కాబట్టి.

ఇంకో చిక్కు ఉంది, ఇది చాలామందిని నాలుగో నెలలో కూడా ముంచుతుంది. ఖాతాలో డబ్బు లేనప్పుడు బ్యాంకు తన 295ను వెంటనే తీసుకోలేదు, బాకీగా రాసి పెట్టుకుంటుంది. తర్వాత ఎప్పుడు డబ్బు పడితే అప్పుడు మొదట అది కోసుకుంటుంది. మీరు ఏప్రిల్ ఈఎంఐ కోసం సరిగ్గా 10,846 వేసి ఉంచితే, బ్యాంకు పాత 885 తీసుకోగా 9,961 మిగులుతుంది. 5న డెబిట్ మళ్లీ బౌన్స్. అందుకని ఖాతాలో డబ్బు వేసిన మర్నాడు బ్యాలెన్స్ మళ్లీ చూడండి, పాత కోతలన్నీ అయ్యాక ఈఎంఐకి సరిపడా ఉందో లేదో.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, ముందు ఏది కట్టాలన్నది. దీనికి జవాబు క్యాలెండర్‌లో ఉంది.

లోన్ ఖాతా ఎంత ఆలస్యంలో ఉందో కట్టని వాయిదాల్లో అన్నిటికన్నా పాతదాని తేదీ నుంచి లెక్కపెడతారు. మీకు అది జనవరి 5. 30 రోజులు నిండిన ఫిబ్రవరి 4న మీ ఖాతా ఎస్‌ఎంఏ-1 అనే హెచ్చరిక దశలోకి వెళ్లింది. 60 రోజులు నిండిన మార్చి 6న ఎస్‌ఎంఏ-2లోకి. 90 రోజులు నిండేది ఏప్రిల్ 5. ఆ రోజు రాత్రి కంపెనీ రోజువారీ లెక్కలు ముగించేటప్పుడు జనవరి వాయిదా ఇంకా బాకీ ఉంటే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ కింద నమోదవుతుంది. ఈ లెక్కింపు పద్ధతిని రిజర్వు బ్యాంకు 2021 నవంబరు 12 సర్క్యులర్‌లో తేదీల ఉదాహరణతోనే చెప్పింది. నెలాఖరు దాకా ఆగి వేసే ముద్ర కాదిది, ఏ రోజుకు 90 నిండితే ఆ రోజే పడుతుంది.

ఏప్రిల్ 5 ఆదివారం. ఏప్రిల్ 1 బ్యాంకుల వార్షిక లెక్కల రోజు, 3 గుడ్ ఫ్రైడే. లెక్కల సిస్టమ్‌కు సెలవు లేదు కానీ మీ పేమెంట్ ఇరుక్కుంటే మాట్లాడటానికి మనిషి దొరకడు. యాప్‌లో కట్టిన డబ్బు లోన్ ఖాతాలో జమ కావడానికి ఒకటి రెండు రోజులు పట్టడం మామూలే. కాబట్టి మార్చి 31 మీకు చివరి తేదీ అనుకోండి, అంతకన్నా ముందైతే ఇంకా మేలు.

ఎన్‌పీఏ గీత ఎందుకంత ముఖ్యమో చెబుతాను. దానికి ఇవతల ఉన్నంతకాలం ఒక్క పాత వాయిదా పూర్తిగా తీరిస్తే ఆలస్యం లెక్క వెనక్కి వస్తుంది. మీరు మార్చి 31న జనవరి ఈఎంఐ ఒక్కటే తీర్చినా, పాత బాకీ ఫిబ్రవరి 5ది అవుతుంది, 85 రోజులు కాస్తా 54 రోజులకు దిగుతుంది. ఏప్రిల్ 5 గండం గడుస్తుంది. మీకు ఇంకో నెల రోజుల వెసులుబాటు దొరుకుతుంది. గీత దాటాక ఆ వెసులుబాటు లేదు. ఒకసారి ఎన్‌పీఏ అయితే, పాత వడ్డీ, అసలు బకాయిలన్నీ పూర్తిగా తీర్చేదాకా ఖాతాను మామూలు స్థితికి తేవడానికి కుదరదు. అప్పటికి ఏప్రిల్ వాయిదా కూడా కలిసి నాలుగు ఈఎంఐలు, అంటే 43,384, ఒకేసారి కావాలి. ముందు ఒక్క ఈఎంఐతో అయిపోయే పనికి తర్వాత నాలుగు కావాల్సి వస్తుంది.

అయితే ఇక్కడే అసలు ప్రమాదం పొంచి ఉంది. మీరు కట్టిన డబ్బును కంపెనీ దేనికి జమ వేసుకుంటుంది? చాలా అగ్రిమెంట్లలో ముందు ఛార్జీలకు, తర్వాత వడ్డీకి, చివర అసలుకు అని రాసి ఉంటుంది. మీ దగ్గర 11,000 ఉంది, ఈఎంఐ 10,846 కాబట్టి జనవరిది తీరిపోతుందనుకుని కట్టారనుకోండి. కంపెనీ ముందు బౌన్స్ 1,500, రుసుము 1,177, వడ్డీ 882, మొత్తం 3,559 తీసేసుకుంటే జనవరి ఈఎంఐకి 7,441 మాత్రమే మిగులుతుంది. ఇంకా 3,405 తక్కువ. వాయిదాలో ఒక్క రూపాయి బాకీ ఉన్నా తేదీ జనవరి 5 దగ్గరే ఉండిపోతుంది. 11,000 కట్టి కూడా ఏప్రిల్ 5న ఎన్‌పీఏ అవుతారు. ఇప్పుడు యాప్ చూపిస్తున్న తప్పుడు 14,535ను ముందు కోసుకుంటే మీ 11,000 మొత్తం ఛార్జీలకే పోతుంది, ఈఎంఐకి ఒక్క పైసా చేరదు. అందుకే తప్పు లెక్కను సరిచేయించకుండా యాప్‌లో కొంత మొత్తం కొట్టేసి ఊరుకోవద్దంటున్నాను.

అగ్రిమెంట్‌లో చెల్లింపుల జమ గురించిన క్లాజ్ వెతకండి. పేమెంట్ చేసే ముందు కస్టమర్ కేర్ ఈమెయిల్‌కు ఇలా రాయండి:

"నా లోన్ నంబరు ఫలానా. ఈ రోజు నేను కడుతున్న 10,846 రూపాయలను 2026 జనవరి 5 ఈఎంఐకి మాత్రమే జమ చేయండి. ఛార్జీల లెక్క మీద నాకు అభ్యంతరం ఉంది, దాని గురించి విడిగా రాస్తున్నాను. జమ చేశాక అప్‌డేట్ అయిన స్టేట్‌మెంట్ పంపండి."

ఇంగ్లిష్‌లో రాసినా తెలుగులో రాసినా పరవాలేదు, లోన్ నంబరు, తేదీ, మొత్తం స్పష్టంగా ఉండాలి. ఈ మెయిల్ ఉంటే కంపెనీ తప్పకుండా అలాగే చేస్తుందని కాదు, అగ్రిమెంట్ వాళ్ల పక్షాన ఉండవచ్చు. కానీ ఫైనాన్స్ కంపెనీల బ్రాంచిల్లో వసూలు విభాగానికి కూడా ఖాతా ఎన్‌పీఏ కాకుండా ఆపడమే కావాలి, కాబట్టి 90 రోజుల లోపు అడిగితే ముందు ఈఎంఐకి జమ వేయడానికి సాధారణంగా ఒప్పుకుంటారు. ఒప్పుకోలేదంటే, ముందు తప్పు లెక్క సరిచేయించుకుని, సరైన ఛార్జీలతో కలిపి కనీసం 14,405 కట్టండి. జనవరి వాయిదా తీరినట్టే.

చేతికొచ్చే డబ్బు 36,097కు సరిపోతే మొత్తం ఒకేసారి కట్టేయడం ఉత్తమం. 25,000 దాకా ఉంటే జనవరి, ఫిబ్రవరి రెండూ తీర్చండి, పాత బాకీ మార్చి 5ది అవుతుంది, ఖాతా ఎస్‌ఎంఏ-0కి దిగుతుంది. మూడు వాయిదాలకు తలా కొంచెం పంచి కట్టే ఆలోచన మాత్రం చేయకండి. మూడూ సగం సగం తీరితే రుసుము కొంత తగ్గుతుందే గానీ రోజుల లెక్క ఒక్క రోజు కూడా తగ్గదు.

ఏప్రిల్ 5 వాయిదా సంగతి కూడా ముందే చూసుకోవాలి. ఆ రోజు కంపెనీ మళ్లీ ఆటో డెబిట్‌కు పంపుతుంది. ఖాతాలో డబ్బు ఉండదని తెలిస్తే కొన్ని రోజుల ముందే, ఆ నెలకు డెబిట్ పంపవద్దని, వాయిదా మీరే నేరుగా కడతారని రాతపూర్వకంగా అడగండి. పంపే ఫైలు ముందే తయారైపోతుంది కాబట్టి 4న చెబితే ఆగదు. అంతేగాని మీ బ్యాంకుకు వెళ్లి మాండేట్ రద్దు చేయించొద్దు. ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ తిరిగొస్తే, చెక్ బౌన్స్ మాదిరిగానే చెల్లింపుల వ్యవస్థల చట్టం 2007లోని 25వ సెక్షన్ కింద కేసు పెట్టే వీలుంది. దానికి ముందు నోటీసు ఇవ్వాలి, నోటీసు అందాక 15 రోజుల్లో ఆ మొత్తం కట్టేస్తే ఆ నేరం కింద కేసు నిలవదు. అలాంటి నోటీసు వస్తే పక్కన పడేయకుండా అందిన తేదీ కవరు మీదే రాసి పెట్టుకోండి.

ఇక 13,035 లెక్క మీద అభ్యంతరం ఎలా తెలపాలో చూద్దాం. ముందు లోన్ స్టేట్‌మెంట్ ఆఫ్ అకౌంట్ తెప్పించండి, యాప్‌లో కనిపించే మొత్తం సరిపోదు. అందులో ప్రతి ఛార్జీ పక్కన తేదీ, పేరు ఉంటాయి. LPC, ODC, Penal Charges లాంటి పేర్లతో ఆలస్య రుసుము కనిపిస్తుంది. ఆ అంకెను 2 శాతంతో భాగించండి, దేని మీద వేశారో తెలిసిపోతుంది. ఫిబ్రవరి 5 తర్వాతి నెల రుసుము 21,692 మీద, అంటే రెండు ఈఎంఐల మీద పడి ఉండాలి. ఆ ఆధారం 22,409 అని వస్తే మొదటి నెల రుసుము 217, బౌన్స్ 500 కూడా కలిపేసి దాని మీద మళ్లీ రుసుము వేశారని అర్థం. ఆధారం 2 లక్షల పైన వస్తే నేను మొదట చెప్పిన తప్పే. జరిమానా మీద జీఎస్టీ వరుస ఉందేమో కూడా చూడండి. లోన్ షరతులు తప్పినందుకు వేసే జరిమానా రుసుము మీద జీఎస్టీ లేదని 2025 జనవరిలో పన్ను బోర్డు సర్క్యులర్ ఇచ్చింది.

తర్వాత మీ లోన్ పత్రాల్లో కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ తీయండి. 2024 అక్టోబరు 1 తర్వాత ఇచ్చిన కొత్త రిటైల్ లోన్లన్నింటికీ అది ఇవ్వాలి, మీది డిసెంబరుది కాబట్టి తప్పకుండా ఉంటుంది. అందులో లేని ఏ ఛార్జీనీ మీ స్పష్టమైన అంగీకారం లేకుండా వేయడానికి వీల్లేదు. ఏజెంటు ఇంటికి వచ్చినందుకు 'విజిట్ ఛార్జీ', 'కలెక్షన్ ఛార్జీ' అని అడుగుతుంటారు కదా, వాటిని కూడా ఇక్కడే సరిచూసుకోండి. ఆలస్యం గురించి గుర్తుచేసే ప్రతి మెసేజ్‌లోనూ ఎంత రుసుము పడుతుందో చెప్పడం, రుసుము వేసినప్పుడు కారణంతో సహా తెలపడం కంపెనీ బాధ్యత. పాత మెసేజ్‌లు తీసి ఆ అంకెలు ఏం చెప్పాయో చూడండి, మీ ఫిర్యాదుకు అవే బలం.

ఫిర్యాదులో ఆవేశం వద్దు, అంకెలు చాలు. తప్పిన ఈఎంఐలు, తేదీలు, మీ లెక్క 1,177, వాళ్ల లెక్క 13,035, తేడా 11,858 వెనక్కి రాయమని కోరండి. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి పంపండి, వాళ్ల వెబ్‌సైట్‌లో పేరు, ఈమెయిల్ ఉంటాయి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా cms.rbi.org.in లో రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. లాయరు అక్కర్లేదు. ఫారం నింపడంలో సందేహం వస్తే 14448కి ఫోన్ చేయండి. కానీ ఫిర్యాదు పెట్టాం కదా అని ఈఎంఐ ఆపేయకండి. ఫిర్యాదు నడుస్తున్నంత మాత్రాన 90 రోజుల గడియారం ఆగదు.

సిబిల్ విషయం కూడా అడగబోతారు కాబట్టి చెబుతున్నాను. ఏ తేదీకి ఎన్ని రోజుల ఆలస్యంలో ఉన్నారన్నది రిపోర్టులో అంకెగా ఎక్కుతుంది. జనవరి 31కి 26, ఫిబ్రవరి 28కి 54 ఇప్పటికే చేరి ఉంటాయి. ఇప్పుడు కట్టినా అవి చెరిగిపోవు, అవి నిజమే కాబట్టి. మార్చి 31కి 85 ఎక్కుతుందా, ఇంకా చిన్న అంకె ఎక్కుతుందా అన్నది మాత్రం మీ చేతిలో ఉంది. మార్చి 31 నాటి లెక్కలోకి రావాలంటే డబ్బు ఆ రోజుకే ఖాతాలో జమై ఉండాలి, అందుకని 28 లేదా 29న కట్టగలిగితే బావుంటుంది. తర్వాత రిపోర్టులో తప్పు అంకె కనిపిస్తే జమ తేదీ ఉన్న రసీదుతో క్రెడిట్ బ్యూరో వెబ్‌సైట్‌లోనే అభ్యంతరం నమోదు చేయవచ్చు.

రెండు ఈఎంఐలు కూడా సమకూరే దారి లేకపోతే, గడువు పెంచి ఈఎంఐ తగ్గించమని మార్చిలోనే అడగండి. అది పునర్వ్యవస్థీకరణగా రిపోర్టులో కనిపిస్తుంది, కొత్త లోన్ల వేళ ఇబ్బంది పెడుతుంది. ఏజెంటు చేతికి నగదు ఇవ్వాల్సి వస్తే కంపెనీ సిస్టమ్ నుంచి వచ్చే రసీదు మెసేజ్ ఫోన్‌కు చేరేదాకా అతన్ని కదలనివ్వొద్దు.

చివరగా ఒక చిన్న సంగతి, మూడేళ్ల లోన్ అయిపోయే రోజున ఉపయోగపడుతుంది. ఇప్పుడు ఈఎంఐలు మాత్రమే కట్టి ఛార్జీలు పెండింగ్‌లో ఉంచితే, ఆఖరి ఈఎంఐ కట్టాక 'ఇంకా 2,677 బాకీ ఉంది' అని ఎన్‌ఓసీ ఆపుతారు. జరిమానా మీద వడ్డీ పెరగకూడదు కాబట్టి ఆ అంకె అప్పటికీ 2,677 దగ్గరే ఉండాలి. ఓంబుడ్స్‌మన్ జవాబు గానీ, మాఫీ చేశామన్న ఈమెయిల్ గానీ వచ్చిన వెంటనే దాని కాపీని లోన్ పత్రాలతో కలిపి పెట్టుకోండి. కస్టమర్ కేర్‌లో ఫోన్ మీద 'తీసేశాం సార్' అన్న మాటకు రికార్డు దొరకదు, తర్వాతి నెల స్టేట్‌మెంట్‌లో ఆ ఛార్జీ ఎదురుగా రివర్సల్ అన్న వరుస కనిపించిందో లేదో చూడండి.